అందరికీ ఐదు కలిపితే ఏం మారుతుంది?

(ఒంగోలులో లెక్కల టీచర్లు, తల్లిదండ్రులు కలిసి కూర్చున్న ఒక సమావేశంలో రిటైర్డ్ మాస్టారు ఒకరు చేసిన ప్రసంగ పాఠం. మధ్యలో సభలోంచి వచ్చిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకు వినబడుతోందా? ఫ్యాన్ చప్పుడు ఎక్కువగా ఉంటే ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. లెక్కల మాస్టారి ముందు వరస ఎప్పుడూ ఖాళీయే, అది నాకు అలవాటే.

నాకిచ్చిన టైం అంతా తొమ్మిది అంకెలతోనే గడిపేస్తాను. బోర్డు మీద రాస్తున్నాను, చూడండి.

22, 29, 32, 42, 46, 51, 59, 73, 96.

తొమ్మిది మంది పిల్లలు, నూటికి వచ్చిన మార్కులు. ఇవి ఏ బడి మార్కులూ కావు. భాగాహారాలు ఇబ్బంది పెట్టకుండా నేనే కుదుర్చుకున్నాను. అయితే దీని వెనక ఉన్న కథ మాత్రం నిజంగా జరిగింది. నేను పనిచేసిన ఒక బడిలో, ఏ బడో చెప్పను, తొమ్మిదో తరగతి క్వార్టర్లీ పేపర్‌లో ఐదు మార్కుల ప్రశ్న ఒకటి తప్పు పడింది. "భుజాలు 3 సెం.మీ., 4 సెం.మీ., 8 సెం.మీ. ఉండేటట్టు త్రిభుజం నిర్మించండి." నవ్వుతున్నారు కదా. మూడూ నాలుగూ ఏడే, ఎనిమిది దాకా అందదు. 8 సెంటీమీటర్ల గీత గీసి, రెండు కొసల నుంచి చాపాలు గీస్తే అవి ఒకదాన్నొకటి తాకవు.

పరీక్ష అయ్యాక హెడ్‌మాస్టర్ గారు స్టాఫ్ రూంలోకి వచ్చి, "ఆ ప్రశ్నకు గ్రేస్ ఇచ్చేయండి" అని చెప్పి వెళ్లిపోయారు. అంతే, ఒక్క మాట. ఆ మాటను ఎ సెక్షన్ మాస్టారు ఒక రకంగా అర్థం చేసుకున్నారు, బి సెక్షన్ మేడమ్ ఇంకో రకంగా అర్థం చేసుకున్నారు. నెలాఖరు మీటింగ్‌లో రెండు సెక్షన్ల అంకెలు పక్కపక్కన పెట్టేసరికి పెద్ద గొడవైంది. ఆ గొడవే ఇవాళ్టి పాఠం.

ముందు గ్రేస్ కలపకముందు లెక్క చూద్దాం. తొమ్మిది మార్కులూ కూడితే 450, తొమ్మిదితో భాగిస్తే సగటు 50. మధ్యగతం, అంటే వరసలో పెట్టినప్పుడు సరిగ్గా నడుమ నిలబడ్డ పిల్లాడి మార్కు. తొమ్మిది మందిలో ఐదోవాడు, 46. ఇక ప్రామాణిక విచలనం. స్టాండర్డ్ డీవియేషన్ అంటేనే చాలామందికి తెలుస్తుంది, ఏ పేరైనా ఫరవాలేదు. ఒక్కొక్క పిల్లాడు సగటు నుంచి ఎంత దూరంలో ఉన్నాడో చూడాలి. 22 వచ్చినవాడు 28 కింద ఉన్నాడు, 96 వచ్చిన అమ్మాయి 46 పైన ఉంది. ఆ దూరాలను వర్గం చేసి, కూడి, తొమ్మిదితో భాగించి, వర్గమూలం తీయాలి. వర్గాల మొత్తం 4356 వస్తుంది. తొమ్మిదితో భాగిస్తే 484. వర్గమూలం 22. ఇంట్లో మీరే వేసి చూడండి, తప్పు దొరికితే నాకు ఫోన్ చేయండి.

ఎ సెక్షన్ మాస్టారు ఏం చేశారంటే, పేపర్లు మళ్లీ తీయలేదు. మార్కుల రిజిస్టర్ తీసి అందరి టోటల్‌కీ ఐదు కలిపేశారు. 27, 34, 37, 47, 51, 56, 64, 78, 101. ఆ చివరి 101 సంగతి కాసేపు పక్కన పెట్టండి, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

మొత్తం ఎంత పెరిగింది? తొమ్మిది ఐదులు 45. అంటే 495, సగటు 55. నడుమ ఉన్న పిల్లాడు ఎవరు? అదే పిల్లాడు. అందరూ ఒకేలా జరిగారు కాబట్టి వరస చెదరలేదు. అతని మార్కు 51. సగటు ఐదు పెరిగింది, మధ్యగతమూ ఐదే పెరిగింది. ప్రామాణిక విచలనం ఎంత?

(సభలోంచి: "27 సార్!")

ఇరవై రెండుకి ఐదు కలిపి ఇరవై ఏడు అన్నారు. ఇంటర్ పిల్లల్లో సగం మంది ఇదే చెప్తారు, మీరేం సిగ్గుపడక్కర్లేదు. కానీ కాదు, 22 అలాగే ఉంటుంది. 27 వచ్చిన పిల్లాడు ఇప్పుడు సగటు 55 నుంచి ఎంత దూరంలో ఉన్నాడు? 28. ఇందాకా 28 దూరంలోనే ఉన్నాడు. వాడు ఐదు పైకి జరిగాడు, సగటు కూడా వాడితోపాటే ఐదు జరిగింది. మధ్య దూరం అలాగే ఉండిపోయింది. తొమ్మిది మందికీ ఇంతే. దూరాలే మారనప్పుడు వాటి వర్గాలు ఎలా మారతాయి, వర్గమూలం ఎలా మారుతుంది?

మన రైలు లైనే చూడండి. ఒంగోలు దాటితే టంగుటూరు, సింగరాయకొండ, ఆ తర్వాత కావలి, బిట్రగుంట, నెల్లూరు. కిలోమీటర్లు విజయవాడ నుంచి లెక్కపెట్టుకోండి, చీరాల నుంచి లెక్కపెట్టుకోండి. ప్రతి స్టేషన్ పక్కనా రాసే అంకె మారుతుంది కానీ కావలికీ నెల్లూరికీ మధ్య దూరం పెరగదు, తగ్గదు. లెక్క ఎక్కడ మొదలుపెట్టామన్నదే మారింది. ప్రామాణిక విచలనానికి స్టేషన్ల మధ్య దూరమే కావాలి, మొదలు ఎక్కడో దానికి పట్టదు.

టీచర్లకు ఇంకో మాట. పదో తరగతిలో ఊహించిన సగటు పద్ధతి చెప్తాం కదా. అన్ని విలువల్లోంచీ ఒక అంకె తీసేసి, చిన్న అంకెలతో సగటు కట్టి, చివర్లో ఆ అంకె మళ్లీ కలుపుతాం. అదీ ఈ లెక్కే, తిరగేసి చేస్తున్నాం. అందరి దగ్గరా ముందు గ్రేస్ లాక్కుని, చివరికి తిరిగి ఇచ్చేస్తున్నాం. పిల్లలకు ఆ అధ్యాయంలో గ్రేస్ మార్కుల పేరు చెప్పి చూడండి, "ఎందుకు తీశారు, ఎందుకు కలిపారు" అని మళ్లీ అడగరు.

ఇప్పుడు 101 దగ్గరికి వద్దాం. నూటికి నూటొకటి రిజిస్టర్‌లో రాయలేం. మాస్టారు దాన్ని 100 చేశారు. న్యాయమే. కానీ ఆ క్షణంలో "అందరికీ ఐదు" అన్న మాట అబద్ధమైపోయింది. ఆ అమ్మాయికి నాలుగే అందాయి. మొత్తం 494, సగటు 54.9. మధ్యగతం 51, అది కదల్లేదు. ప్రామాణిక విచలనం 22 నుంచి సుమారు 21.8కి దిగింది. ఇంత చిన్న తేడా ఎవరికి పడుతుంది అంటారా? ఐదుకి బదులు పది కలిపి చూడండి. అప్పుడు 106 రావాల్సిన అమ్మాయి 100 దగ్గర ఆగిపోతుంది. సగటు 60 కావాల్సింది 59.3 అవుతుంది, ప్రామాణిక విచలనం 20.6 దాకా పడిపోతుంది. తొమ్మిది మందిలో ఒక్కరు పైకప్పుకు తగిలితేనే ఇంత. తొంభై దాటినవాళ్లు ఎక్కువమంది ఉన్న సెక్షన్‌లో అయితే చదువుకునే పిల్లల మధ్య తేడాలన్నీ నూరు దగ్గరే ముద్దకట్టుకుపోతాయి.

సరే, బి సెక్షన్ మేడమ్ సంగతి. నిజానికి ఆవిడ పిల్లలు వేరు, మార్కులు వేరు. కానీ పోల్చడానికి వీలుగా ఇవే తొమ్మిది మార్కులు ఆవిడ సెక్షన్‌లో కూడా వచ్చాయనుకుందాం. మేడమ్ రిజిస్టర్ ముట్టుకోలేదు. పేపర్ల కట్ట విప్పి, ఆ ప్రశ్న దగ్గర ఎవరికి ఎన్ని వేశారో చూసి, అందరికీ అక్కడ ఐదు చేశారు. "ఆ ప్రశ్నకు గ్రేస్" అంటే ఆవిడకు అర్థమైంది అది. ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు.

రెండూ ఒకటే కదా అనిపిస్తుంది. కాదు. ఆ ప్రశ్న వదిలేసినవాళ్లకు, ఏదో గీసి సున్నా తెచ్చుకున్నవాళ్లకు ఐదూ వస్తాయి. కానీ 59 వచ్చిన పిల్లాడు 8 సెంటీమీటర్ల భుజం, ఒక చాపం గీసినందుకు అప్పటికే 2 తెచ్చుకున్నాడు. అతనికి ఇంకో 3 వస్తాయి. 73 వచ్చినవాడు రెండు చాపాలూ గీసి "కలవడం లేదు" అని రాస్తే మేడమ్ 4 వేశారు. అతనికి 1. ఇక 96 వచ్చిన అమ్మాయి "రెండు భుజాల మొత్తం మూడో భుజం కన్నా తక్కువ, కాబట్టి ఈ త్రిభుజం సాధ్యం కాదు" అని కారణంతో సహా రాసింది. ఆ అమ్మాయికి అప్పుడే ఐదుకి ఐదు పడ్డాయి. ఇప్పుడు వచ్చేది ఏమీ లేదు.

అప్పుడు మార్కులు ఇవి: 27, 34, 37, 47, 51, 56, 62, 74, 96.

కూడితే 484. సగటు 53.8, అంటే పెరిగింది 3.8 మాత్రమే. మధ్యగతం 51, సరిగ్గా ఐదు పెరిగింది. ప్రామాణిక విచలనం 20.3. గుర్తుందా, మొదట 22.

మీటింగ్‌లో జరిగింది ఇదే. బి సెక్షన్ విచలనం తగ్గింది చూసి, "మేడమ్ సెక్షన్‌లో వెనకబడ్డవాళ్లు పుంజుకున్నారు, మీ సెక్షన్‌లో ఎక్కడి గొంగళి అక్కడే ఉంది" అని ఎ సెక్షన్ మాస్టారిని అన్నారు. పాపం ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఎవరూ పుంజుకోలేదండీ. పరీక్ష అయిపోయాక పిల్లలు ఒక్క అక్షరం కొత్తగా చదవలేదు. పైవాళ్లకు తక్కువ, కిందివాళ్లకు ఎక్కువ కలిశాయి కాబట్టి దూరాలు దగ్గరపడ్డాయి. అంతే.

ఏ పద్ధతి న్యాయం అని అడుగుతారు. నా మటుకు నాకు మేడమ్ చేసిందే సబబు. ప్రశ్న తప్పయితే నష్టం ఆ ప్రశ్న దగ్గరే పూడ్చాలి. అందరి టోటల్‌కీ ఐదు కలిపితే, సాధ్యం కాదని రాసి ఐదు తెచ్చుకున్న అమ్మాయికి ఐదు మార్కుల ప్రశ్నకు పది మార్కులు ఇచ్చినట్టు. ఇటు వైపు వాదన కూడా ఉంది. చాలామంది వదిలేసిన ప్రశ్న మీద ఆ అమ్మాయి బుర్ర పెట్టి సంపాదించిన ఆధిక్యం మేడమ్ పద్ధతిలో పోయింది. మునుపు 73 వాడికీ ఆ అమ్మాయికీ 23 తేడా, ఇప్పుడు 22. మునుపు 51 వాడికీ ఆ అమ్మాయికీ 45 తేడా, ఇప్పుడు 40. దీనికి లెక్కల్లో జవాబు లేదు, మీరే తేల్చుకోండి. కానీ ఏది చేశామో రాసి పెట్టాలి. "గ్రేస్ ఇచ్చాం" అని రాస్తే చాలదు.

మూడో రకం గ్రేస్ మీకందరికీ తెలుసు. పాస్ మార్కు 35. ఆరు మార్కుల లోపు తగ్గినవాళ్లను 35కి లాగుదాం అనుకుందాం. 32 వాడికి 3, 29 వాడికి 6 వేస్తాం. 22 వాడికి 13 కావాలి, అంత ఇవ్వలేం, కాబట్టి వాడికి ఏమీ రాదు. మొత్తం తొమ్మిది మార్కులు పెరిగాయి, తొమ్మిది మంది. సగటు 51. మధ్యగతం 46, చలించలేదు. నడుమ ఉన్న పిల్లాడికి ఏమీ అందలేదు మరి. విచలనం 21.2. కానీ పాస్ అయినవాళ్లు ఆరుగురు ఉన్నవాళ్లు ఎనిమిది మంది అయ్యారు. అదే ఎ సెక్షన్ మాస్టారి పద్ధతిలో చూడండి, 45 మార్కులు పంచినా 29 వాడు 34 దగ్గర ఆగిపోయాడు. ఒక్క మార్కు. ఆ పిల్లాడి అమ్మ బడికి వచ్చి ఎంత బాధపడి ఉంటుందో చెప్పనక్కర్లేదు.

అంటే మీ చేతికి గ్రేస్ ముందు అంకెలు, గ్రేస్ తర్వాత అంకెలు వస్తే, ఎలా కలిపారో కొంతవరకు పసిగట్టొచ్చు. సగటు, మధ్యగతం ఒకే మేర పెరిగి, విచలనం కదలకపోతే అందరికీ సమానంగా కలిపినట్టే కనిపిస్తుంది. మధ్యగతం పూర్తిగా పెరిగి సగటు వెనకబడితే ఎవరికో తక్కువ అందింది. విచలనం కూడా తగ్గిందంటే ఆ తక్కువ పైవాళ్లకు అయ్యుండాలి. మధ్యగతం కదలకుండా సగటు మాత్రం కాస్త పెరిగి, విచలనం తగ్గితే చేయి కిందివాళ్ల దగ్గరే పడింది. కానీ ఇది వాసన పట్టడమే, సాక్ష్యం కాదు. మధ్యగతం ఒక్క పిల్లాడి మార్కు, అటూ ఇటూ ఉన్నవాళ్ల గురించి అది నోరు విప్పదు. పైన కాస్త తగ్గించి, కింద ఇంకోలా సర్ది, విచలనం యథాతథంగా ఉండేలా కూడా చేయొచ్చు. ఖచ్చితంగా తెలియాలంటే ఒక్కో పిల్లాడి కొత్త మార్కులోంచి పాత మార్కు తీసేసి చూడాల్సిందే. ఆ వరస నిండా ఐదులే ఉన్నాయా, లేవా.

కంప్యూటర్‌లో చేసేవాళ్లకు ఒక జాగ్రత్త. స్క్రీన్ మీద చూడండి.

```
=AVERAGE(B2:B10)
=MEDIAN(B2:B10)
=STDEV.P(B2:B10)
```

ఆ మూడోదాంట్లో చివరి P ముఖ్యం. దాని బదులు `STDEV.S` కొడితే తొమ్మిదికి బదులు ఎనిమిదితో భాగిస్తుంది. మన మార్కులకే 22 రావాల్సింది 23.3 వస్తుంది. శాంపిల్ నుంచి మొత్తం జనాభాను అంచనా వేసేటప్పుడు అది సరైనదే. కానీ ఇక్కడ క్లాసు మొత్తం మన చేతిలోనే ఉంది. గ్రేస్ ముందు లెక్క ఒకరు P తోనూ, గ్రేస్ తర్వాత లెక్క ఇంకొకరు S తోనూ చేశారనుకోండి. అందరికీ సమానంగా ఐదే కలిపినా విచలనం పెరిగినట్టు కనిపిస్తుంది. నేను ఒకసారి ఇలాగే సాయంత్రం దాకా తల పట్టుకున్నాను.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక మేడమ్: "సార్, ఐదుకి బదులు అందరికీ పది శాతం పెంచితే? సగటు అప్పుడూ 55 అవుతుంది కదా.")

మంచి ప్రశ్నమ్మా. సగటు 55 అవుతుంది, నిజమే. మధ్యగతం 50.6. కానీ ఈసారి విచలనం కూడా పది శాతం పెరిగి 24.2 అవుతుంది. కలపడం వేరు, హెచ్చవేయడం వేరు. 22 వాడికి పది శాతమంటే 2.2, 73 వాడికి 7.3. ఉన్నవాడికే ఎక్కువ. మళ్లీ 96 అమ్మాయి 105 దాటిపోతుంది. గ్రేస్ పేరు చెప్పి శాతంలో ఇస్తామంటే ఒప్పుకోకండి.

(ఒక తండ్రి: "మాస్టారూ, మావాడి ర్యాంకు మారుద్దా?")

అందరికీ సమానంగా కలిపితే మారదండీ. ముందు ఎవరున్నారో వాళ్లే ముందుంటారు. సగటు నుంచి మీవాడు ఎన్ని విచలనాల దూరంలో ఉన్నాడో కూడా మారదు. 73 వాడు సగటు పైన 23, దాన్ని 22తో భాగిస్తే ఒకటి కన్నా కాస్త ఎక్కువ. 78 అయ్యాక కూడా అంతే. పైకప్పు తగిలినప్పుడు మాత్రం చూసుకోండి. 96 అమ్మాయి పక్కన 98 వాడు ఉండి పది కలిపితే ఇద్దరూ నూరే. ముందూ వెనకా ఉన్నవాళ్లకు ఒకే ర్యాంకు.

(ఒక యువ లెక్చరర్: "సార్, మా ఇంటర్ సిలబస్‌లో విచలనాన్ని సగటుతో భాగించి నూరుతో హెచ్చవేస్తాం. దాని సంగతేంటి?")

అసలు చిక్కు అక్కడే ఉంది బాబూ. ముందు 22 బై 50, అంటే 44 శాతం. ఎ సెక్షన్ మాస్టారు 101ని అలాగే ఉంచి ఉంటే 22 బై 55, అంటే 40 శాతం. పిల్లల మధ్య దూరం వెంట్రుకవాసి తగ్గలేదు, అయినా ఆ అంకె నాలుగు తగ్గింది. కింద ఉన్న సగటు పెరిగింది కాబట్టి. ఆ అంకె చూపించి "మా బడిలో నిలకడ పెరిగింది" అనేవాళ్లు ఉంటారు. బరువులు, దిగుబడులు లాంటివాటికి సున్నా అంటే నిజంగా ఏమీ లేకపోవడమే కాబట్టి అక్కడ అది పనికొస్తుంది. గ్రేస్ కలిపిన మార్కుల్లో సున్నా ఎక్కడుందో మనమే జరిపాం, కాబట్టి అక్కడ దాన్ని వాడకూడదు.

(అదే మేడమ్: "చివరిగా ఒకటి సార్. ఆబ్సెంట్ అయినవాళ్లకు సున్నా వేసి ఉంటే?")

ఆబ్సెంట్ పిల్లాడికి ఐదు కలపరు కదా. ఈ తొమ్మిది మందికి తోడు సున్నా వేసిన పదోవాడు ఒకడున్నాడనుకోండి. ముందు సగటు 45, విచలనం 25.7. గ్రేస్ తర్వాత సగటు 49.5, విచలనం 26.6. పెరిగింది చూశారా? అందరూ ఐదు పైకి పోతే అతనొక్కడూ సున్నా దగ్గరే ఉండిపోయాడు, దూరం పెరిగింది. అందుకే ఆ గడిలో సున్నా వేయకండి. `AB` అని టైపు చేయండి, కంప్యూటర్ ఆ గడిని లెక్కలోంచి వదిలేస్తుంది. అప్పుడు మళ్లీ తొమ్మిది మందే, మళ్లీ 22.